కమాన్ కట్టలో పట్టీలు మెట్లుగా ఎందుకుంటాయి?

లారీ వెనక చక్రం పక్కన కాస్త వంగి చూస్తే కమాన్ కట్ట కనిపిస్తుంది. పైన అన్నిటికంటే పొడవైన మెయిన్ పట్టీ. దాని రెండు కొసలనూ గుండ్రంగా చుట్టి కన్నులు చేసి ఉంటారు, ఆ కన్నుల్లో పిన్నులు దూర్చి ఛాసిస్‌కు తగిలిస్తారు. దాని కింద కొంచెం పొట్టి పట్టీ, దాని కింద ఇంకా పొట్టిది, అలా పదీ పన్నెండు పట్టీలు మెట్లుమెట్లుగా దిగుతాయి. అన్నిటినీ నడుమన ఒక సెంటర్ బోల్టు కలిపి ఉంచుతుంది. రెండు యూ బోల్టులు మొత్తం కట్టను ఇరుసుకు బిగించి పట్టుకుంటాయి.

పట్టీలన్నీ ఒకే పొడవుంటే ఏం పోయింది? ఉక్కు ఆదా కోసం కింది పట్టీలను కత్తిరించారు అని చాలామంది అంటారు. అది తప్పు కాదు గానీ, అసలు సంగతిలో సగమే. కత్తిరించకపోతే కట్ట బరువెక్కడమే కాదు, స్ప్రింగుగా కూడా అధ్వానంగా పనిచేస్తుంది.

కట్టను సరిగ్గా నడిమికి విడదీసి ఒక సగాన్నే చూద్దాం. నడుమ ఇరుసు దగ్గర గట్టిగా బిగించి ఉంది, కొస గాలిలోకి పొడుచుకొచ్చి ఉంది, ఆ కొస మీద ఛాసిస్ బరువు కిందికి నొక్కుతోంది. ఇది గోడలోంచి పొడుచుకొచ్చిన దూలం లాంటిదే. కొస దగ్గర దాన్ని వంచే శక్తి, అంటే బెండింగ్ మూమెంట్, సున్నా. గోడ వైపు వచ్చేకొద్దీ అది దూరంతో పాటు సమానంగా పెరుగుతూ పోయి, మొదట్లో అన్నిటికంటే ఎక్కువవుతుంది. దూలం మొత్తం ఒకే వెడల్పు, ఒకే మందం ఉంటే మొదలు దగ్గర ఉక్కు ప్రాణం పోయేంత కష్టపడుతుంటే, కొసన ఉన్న ఉక్కు ఖాళీగా కూర్చుంటుంది. పెట్టిన ఉక్కులో చాలా భాగం బరువే తప్ప పని లేనిది.

మూమెంట్ ఎక్కడ ఎంత పెరిగితే అక్కడ వెడల్పునూ అంతే పెంచితే? కొసన సున్నా వెడల్పు, మొదట్లో పూర్తి వెడల్పు, మధ్యలో సరళరేఖలా పెరుగుదల. పైనుంచి చూస్తే అది త్రిభుజం. మందం మాత్రం అంతటా ఒక్కటే. అప్పుడు ఏ అడ్డుకోత దగ్గర చూసినా పైపొర మీద పడే ప్రతిబలం ఒక్కటే అవుతుంది. ఇంజనీర్లు దీన్ని సమబల దూలం అంటారు. విరగాల్సి వస్తే ఎక్కడైనా విరగొచ్చు, ఫలానా చోటే బలహీనం అని చెప్పడానికి లేదు.

దీనికి ఇంకో గుణం కూడా ఉంది. ప్రతిబలమూ మందమూ అంతటా ఒక్కటే కాబట్టి దూలం వంపు కూడా అంతటా ఒక్కటే. అంటే చదునుగా ఉన్న త్రిభుజపు రేకు బరువు పడగానే కచ్చితంగా వృత్తంలో ఒక ముక్కలా వంగుతుంది. తలకిందులుగా చెప్పుకుంటే, ముందే వృత్తపు ముక్కలా వంచి తయారుచేసిన పట్టీ సరైన బరువు పడగానే చక్కగా చదునవుతుంది. కమాన్ కట్ట తయారీదారు కోరేది దాదాపు ఇదే.

ఇప్పుడు కొలతలు పెడదాం. లెక్క తేలికగా సాగడానికి గుండ్రటి అంకెలు తీసుకుంటున్నాను. కన్ను నుంచి కన్నుకు 1300 మిల్లీమీటర్లు, అంటే సగం 650. పట్టీ వెడల్పు 70, మందం 10, మొత్తం పది పట్టీలు. ఒక్కో కట్ట మీద రెండు టన్నులు, అంటే సుమారు 20,000 న్యూటన్లు. ఒక్కో కొసకు 10,000.

ఈ కట్టకు సమానమైన త్రిభుజాలు రెండింటిని మొదళ్లు కలిపి పరిస్తే 1300 పొడవు, నడుమ 700 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న వజ్రం ఆకారపు రేకు వస్తుంది. అంత వెడల్పు రేకు లారీ కింద ఎక్కడ పెడతాం? అందుకని దాన్ని పొడవునా చీలికలు చేస్తారు, కాగితం మీదే లెండి. మధ్యలోంచి 70 వెడల్పు చీలిక ఒకటి. దానికి అటూ ఇటూ 35 చొప్పున రెండు చీలికలు తీసి పక్కపక్కన చేరిస్తే ఇంకో 70 వెడల్పు పట్టీ. అలా బయటికి వెళ్లేకొద్దీ చీలికలు పొట్టివవుతాయి. వాటిని ఒకదాని కింద ఒకటి పేరిస్తే మెట్లుమెట్లుగా దిగే కమాన్ కట్ట తయారవుతుంది. ఒక్కో మెట్టు 65 మిల్లీమీటర్లు. 1852లో ఫ్రెంచి ఇంజనీరు ఎడ్వార్డ్ ఫిలిప్స్ రైలు బండ్ల ఉక్కు స్ప్రింగుల మీద రాసిన సిద్ధాంత పత్రం ఈ లెక్కలకు పాత పునాదుల్లో ఒకటి.

చీల్చి పేర్చినా బలం అలాగే ఉంటుందని నమ్మకం ఏమిటి? ఒక్క పట్టీని బయటికి తీసి చూస్తే తెలుస్తుంది. మెయిన్ పట్టీ కొస మీద 10,000 న్యూటన్లు కిందికి నొక్కుతున్నాయి. అక్కడి నుంచి 65 మిల్లీమీటర్లు లోపలికి వస్తే రెండో పట్టీ కొస దాన్ని అదే 10,000 న్యూటన్లతో పైకి నెడుతోంది. ఈ రెండు బలాలూ కలిసి పట్టీని మెలిపెడతాయి. అక్కడి నుంచి నడుమ బిగింపు దాకా ఆ పట్టీలో మూమెంట్ ఇక పెరగదు, 650,000 న్యూటన్ మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. రెండో పట్టీదీ అదే కథ: దాని కొస మీద 10,000 కిందికి, 65 లోపల మూడో పట్టీ 10,000 పైకి. మొదలు దగ్గర మొత్తం మూమెంట్ 65 లక్షలైతే, పది పట్టీలు తలా ఆరున్నర లక్షలు పంచుకున్నాయన్నమాట. ఎవరి వాటా వారు తమ పొడవంతా ఒకే తీరుగా మోస్తున్నారు. మెట్టు బయటికి పొడుచుకొచ్చిన ఆ 65 మిల్లీమీటర్ల మేరే మూమెంట్ సున్నా నుంచి ఎక్కుతుంది. అందుకే సిద్ధాంతం ప్రకారం అక్కడ పట్టీ కొస సూదిగా ఉండాలి. మంచి కట్టల్లో కింది పట్టీల కొసల మూలలు కోసో, కొసను పల్చగా సాగదీసో ఉండటానికి కారణం ఇదే. చౌకరకం కట్టల్లో కొసలు చతురస్రంగా నరికేసి వదిలేస్తారు.

ప్రతిబలానికీ, దిగుడుకీ సూత్రాలు ఇవి:

σ = 6FL / (n b t²)

δ = 6FL³ / (E n b t³)

F ఒక కొస మీది బలం, L సగం పొడవు, n పట్టీల సంఖ్య, b వెడల్పు, t మందం. E అనేది ఉక్కు సాగుదల గుణకం, సుమారు 2,00,000 మెగాపాస్కళ్లు. మన అంకెలు వేస్తే ప్రతిబలం 557 మెగాపాస్కళ్లు, అంటే ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా 557 న్యూటన్లు. కట్ట దిగేది 118 మిల్లీమీటర్లు. గట్టిపరచిన స్ప్రింగు ఉక్కు 1,200 మెగాపాస్కళ్ల దరిదాపుల దాకా శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకోగలదు కాబట్టి నిలబడ్డ బండికి ఇది సుఖమైన అంకె. గుంతలో పడ్డ బండికి బరువు ఒక్క క్షణం రెట్టింపైనట్టుంటుంది, అందుకే ఈ మిగులు.

అదే ఉక్కును విడివిడి పట్టీలుగా కాకుండా 100 మిల్లీమీటర్ల మందమున్న ఒకే దిమ్మగా పెడితే? అదే బరువుకు అది దిగేది మిల్లీమీటరు కూడా కాదు. బలానికి ఢోకా లేదు, కానీ అది స్ప్రింగు కాదు, మొద్దు. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారగలిగితేనే వంపు సాధ్యం. వందపేజీల నోటుబుక్కును వంచితే కాగితాలు జారుతూ సులువుగా వంగుతుంది, అంచులన్నీ జిగురుతో అంటించేస్తే అట్టముక్కలా బిగుసుకుంటుంది. తుప్పు పట్టి పట్టీలు ఒకదానికొకటి అతుక్కుపోయిన కట్ట ఎందుకు ఎగిరెగిరి పడుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. నిజానికి పట్టీల మధ్య రాపిడిని పై సూత్రాలు లెక్కలోకి తీసుకోవు. చిన్న చిన్న కుదుపులకు ఆ రాపిడి విడిపోకముందే కుదుపు లోపలికి చేరిపోతుంది. ఖాళీ లారీలో కూర్చున్నవాళ్ల నడుములు చెప్పేది ఈ మాటే.

పై రెండు సూత్రాలనూ కలిపితే ఇంకోటి పుడుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే:

δ = σL² / (E t)

ఇందులో బరువు లేదు. పట్టీల సంఖ్య లేదు, వెడల్పూ లేదు. ఉక్కును ఎంత ప్రతిబలం దాకా పనిచేయించాలో నిర్ణయించుకున్నాక, కట్ట ఎంత దిగాలన్నది పొడవూ మందమూ తప్ప ఇంకేదీ తేల్చదు. ఎక్కువ బరువు మోయాలంటే పట్టీలు పెంచాలి, మెత్తగా ఉండాలంటే పొడవు పెంచాలి లేదా పట్టీ పలచబడాలి. పొడవు పని చేసేది వర్గంతో, కాబట్టి పొడవును పదో వంతు పెంచితే దిగుడు ఐదో వంతుకు పైగా పెరుగుతుంది. ఇక వృత్తం మాటకొస్తే, మన పట్టీలను 1.8 మీటర్ల వ్యాసార్ధంతో వంచి తయారుచేయాలి. అప్పుడు రెండు టన్నులకు అవి చదునవుతాయి. కట్ట అలసిపోయిందా లేదా అని చూడటానికి కన్ను నుంచి కన్నుకు దారం లాగి నడుమ లోతు కొలిస్తే సరిపోతుంది. బరువు లేనప్పుడు ఆ లోతు 118 ఉండాల్సిన చోట 90 ఉంటే ఉక్కు శాశ్వతంగా కొంత వంగిపోయినట్టే.

ఇక్కడిదాకా లెక్క అందంగా ఉంది. అయితే కొసన వెడల్పు సున్నా అయితే కన్ను ఎక్కడ చుట్టాలి? బరువు మోసే కొస సూదిగా ఉండటం కుదరదు. అందుకే మెయిన్ పట్టీని పూర్తి వెడల్పుతోనే కొస దాకా ఉంచుతారు, కన్ను విరిగితే ఆసరాగా రెండో పట్టీని కూడా అంతే పొడవు పెడతారు. ఈ రెండూ సమబల కుటుంబంలో చేరవు. ఇవి ఒకే వెడల్పున్న దూలాలు. పాఠ్యపుస్తకాల లెక్కలో ఇవి మిగతావాటితో పాటు ఒకే మేర దిగాలి కాబట్టి, ఆ మేర దిగడానికి వాటి మొదలు దగ్గర ప్రతిబలం ఒకటిన్నర రెట్లవుతుంది. మన కట్టలో పదింటిలో రెండు నిండు పొడవువైతే వాటి మీద 760, మిగతా ఎనిమిదింటి మీద 507 మెగాపాస్కళ్లు పడతాయి. అందరికంటే ముఖ్యమైన పట్టీ మీదే అందరికంటే ఎక్కువ భారం.

దీనికి విరుగుడు తయారీలోనే ఉంది. నిండు పొడవు పట్టీలను కాస్త తక్కువ వంపుతో, పొట్టి పట్టీలను ఎక్కువ వంపుతో చేస్తారు. బోల్టు బిగించకముందు పేర్చి చూస్తే నడుమ పట్టీల మధ్య ఖాళీ కనబడుతుంది, దాన్ని నిప్ అంటారు. మన కట్టకు అది 39 మిల్లీమీటర్లు రావాలి. సెంటర్ బోల్టు బిగిస్తూ ఆ సందు మూసేస్తే, మెయిన్ పట్టీ బరువు పడకముందే ఎదురు దిశలో వంగి కూర్చుంటుంది. బరువు వచ్చినప్పుడు ముందు ఆ ఎదురు వంపు తీరాలి, ఆ తర్వాతే దాని మీద నిజమైన భారం మొదలవుతుంది. రెండు టన్నులు చేరేసరికి అన్ని పట్టీల మీదా ప్రతిబలం సరిగ్గా 557కి వచ్చి కలుస్తుంది. మెయిన్ పట్టీ విరిగినప్పుడు వర్క్‌షాపులో చేతికందిన పట్టీని పక్కవాటి వంపుకు సరిగ్గా అతికేలా కొట్టి వేస్తే, పైకి చూడటానికి అది నీటుగా ఉంటుంది. నిప్ మాత్రం పోయింది. ఆ పట్టీ మళ్లీ 760 దగ్గర పనిచేస్తూ తొందరగా తెగుతుంది.

ఇంతకంటే ఎక్కువగా జరిగే పొరపాటు, బరువు ఎక్కువ ఎక్కించడానికి అదనపు పట్టీ వేయించుకోవడం. పది పట్టీల మందమే ఉన్న పట్టీని కింద సరైన పొడవులో చేరిస్తే ఫర్వాలేదు. కానీ బలంగా ఉంటుందని దొడ్డుపాటి పట్టీ వేస్తారు. కట్టలో పట్టీలన్నీ ఒకే వంపుతో వంగాలి. వంపు ఒక్కటే అయినప్పుడు మందంగా ఉన్న పట్టీ పైపొర ఎక్కువ సాగాలి, అంటే ప్రతిబలం దాని మందంతో పాటు పెరుగుతుంది. మన కట్టకు 13 మిల్లీమీటర్ల పట్టీ ఒకటి చేర్చామనుకోండి. మిగతా పదింటి మీదా ప్రతిబలం 557 నుంచి 457కి దిగుతుంది, బండి యజమానికి సంతోషమే. ఆ కొత్త దొడ్డు పట్టీ మీద మాత్రం 594! అది ముందున్న పట్టీల కంటే ఎక్కువ కష్టపడుతోంది. కాబట్టి ముందుగా విరిగేదీ అదే, అప్పుడు దాని వాటా ఒక్కసారిగా పాత పట్టీల మీద పడుతుంది. సమబల కట్టలో బలవంతుణ్ణి తెచ్చి కూర్చోబెడితే వాడే ముందు పడిపోతాడు, వినడానికి వింతగా ఉన్నా లెక్క అదే.

విరిగిన పట్టీ తన కథ తానే చెబుతుంది. బండి బరువుకు పట్టీ చదునయ్యేటప్పుడు సాగేది దాని పైపొర, అంటే లోపలికి వంగినట్టుండే వైపు. అందుకే పగుళ్లు చాలావరకు అక్కడే మొదలవుతాయి. తయారీలో ఆ వైపునే చిన్న ఉక్కు గుళ్లతో బాదుతారు, దాంతో పైపొరలో ఒత్తుడు నిలిచి పగులు మొదలవకుండా అడ్డుకుంటుంది. విరిగిన మొహం చూస్తే ఒక పక్క నున్నగా, పాత తుప్పు రంగులో అలల్లాంటి గీతలు, మిగతా భాగం గరుకుగా మెరుస్తూ ఉంటే పగులు ముందే పుట్టి మెల్లగా పాకి చివరికి ఒక్క కుదుపుకు తెగిందని అర్థం. ఎక్కడ తెగిందన్నది కూడా ముఖ్యం. సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర తెగితే అనుమానం యూ బోల్టుల మీదికి పోవాలి. యూ బోల్టులు గట్టిగా ఉన్నంతకాలం వాటి నడుమ ఉన్న భాగం అసలు వంగదు. వదులైతే రంధ్రం ఉన్న చోట కూడా వంపు మొదలవుతుంది, ఆ రంధ్రం పక్కనే ప్రతిబలం గుమిగూడుతుంది. అందుకనే కొత్త కట్ట వేశాక కొన్ని రోజులు తిరగనిచ్చి యూ బోల్టులు మళ్లీ బిగించమంటారు. ఇంకో మాట: నడుమ వంగని ఆ ముక్కను మన సూత్రంలో L నుంచి కొంత తగ్గించుకోవాలి, లేకపోతే లెక్కలో దిగుడు నిజంకంటే ఎక్కువ వస్తుంది.

కొత్త లారీల్లో, బస్సుల్లో చాలా వాటికి ఇప్పుడు రెండు మూడు పట్టీలే ఉంటున్నాయి. నడుమ దళసరిగా ఉండి కొసలకు పల్చబడుతూ పోయే పారాబోలిక్ పట్టీలు ఇవి. ఆలోచన కొత్తదేమీ కాదు. 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో గెలీలియో, గోడలోంచి పొడుచుకొచ్చిన దూలాన్ని పారాబొలా ఆకారంలో కోస్తే మూడో వంతు బరువు తగ్గుతుంది, బలం మాత్రం ఎక్కడా తగ్గదని చూపించాడు. ప్రతిబలం విలువ లెక్కకట్టడంలో ఆయన పొరబడ్డాడు గానీ ఆకారం మాత్రం సరైనదే. త్రిభుజంలో వెడల్పు మార్చారు, ఇక్కడ వెడల్పు అలాగే ఉంచి మందం మార్చారు, రెండూ సమబల దూలాలే. ఆదర్శంగా చూస్తే కిలో ఉక్కు దాచుకోగల శక్తి రెండింట్లోనూ సమానం, ఒకే వెడల్పు ఒకే మందమున్న పట్టీ కంటే మూడు రెట్లు. పారాబోలిక్ పట్టీ కొసకు కన్ను చుట్టడానికి పూర్తి వెడల్పు ఉంటుంది, పట్టీలు ఒకదానికొకటి నడుమా కొసల్లోనే తగులుతాయి కాబట్టి రాపిడీ తక్కువ.

అయితే పట్టీ మందం పెరిగితే ఏమవుతుందో పైన చూశాం. మన రెండు టన్నులను రెండే పారాబోలిక్ పట్టీలతో అదే ప్రతిబలం దగ్గర మోయించాలంటే నడుమ మందం 22 మిల్లీమీటర్లు దాటాలి, అదే పొడవుకు దిగుడు 70 దగ్గరే ఆగుతుంది. మెత్తదనం కావాలంటే కట్ట పొడుగ్గా ఉండాలి. పది పట్టీల కట్టలో దారిలో ఒకటి తెగితే మిగతావాటి మీద ప్రతిబలం 557 నుంచి 619కి పెరుగుతుంది, బండి కాస్త ఒరుగుతుంది, మెల్లగా నడుపుకుంటూ ఊరు చేరి ఆ ఒక్క పట్టీ మార్పించుకోవచ్చు. రెండు పట్టీల కట్టలో ఒకటి తెగితే రెండోదాని మీద ఒక్కసారిగా 1,114 పడుతుంది. ఉక్కు హద్దుకు అది అతి దగ్గర, అక్కడి నుంచి ఒక్క గుంత చాలు.